ఎనిమిది సెకన్ల తేడా, అరవైల లెక్క

1989 జులై 23, ఆదివారం. పారిస్‌లోని షాంజెలీజే వీధికి రెండు పక్కలా జనం కిక్కిరిసి ఉన్నారు. ‘టూర్ ద ఫ్రాన్స్’ సైకిల్ పందేనికి అది ఆఖరి రోజు. మూడు వారాల పాటు కొండలెక్కి, లోయలు దిగి, మూడు వేల కిలోమీటర్లకు పైగా తొక్కుకుంటూ వచ్చాక పోటీ ఇద్దరి మధ్యే మిగిలింది. ఒకరు ఫ్రాన్స్‌కు చెందిన లొరాన్ ఫిన్యో. అప్పటికే రెండుసార్లు ఈ పందెం గెలిచినవాడు, పారిస్‌లోనే పుట్టినవాడు. రెండో వ్యక్తి అమెరికాకు చెందిన గ్రెగ్ లెమాండ్. రెండేళ్ల కిందట వేటలో తుపాకీ గుళ్లు ఒంట్లో దిగి చావు అంచుల దాకా వెళ్లొచ్చినవాడు. ఆ ఉదయానికి ఫిన్యో 50 సెకన్లు ముందున్నాడు.

ఆ రోజు పోటీ టైమ్ ట్రయల్. అంటే గుంపుగా కాకుండా ఒక్కొక్కరే బయల్దేరి, గడియారంతో పోటీపడాలి. వెర్సాయ్ నుంచి పారిస్ దాకా దూరం 24.5 కిలోమీటర్లు. ఇంత తక్కువ దూరంలో 50 సెకన్లు పూడ్చాలంటే కిలోమీటరుకు రెండు సెకన్లకు పైగా లాగాలి. అది అయ్యే పని కాదనే చాలామంది అనుకున్నారు.

లెమాండ్ ముందు బయల్దేరాడు. మోచేతులు ఆనించుకుని ముందుకు వంగి తొక్కే కొత్త రకం హ్యాండిల్, గాలిని చీల్చుకుపోయే హెల్మెట్ అతనికి కలిసొచ్చాయి. 26 నిమిషాల 57 సెకన్లలో గీత దాటాడు. ఫిన్యో ఇంకా దారిలోనే ఉన్నాడు. ఇక చూస్తున్న వాళ్లందరికీ ఒకటే ప్రశ్న: ఫిన్యో ఎంతలోపు వస్తే గెలుస్తాడు?

అతనికి 50 సెకన్ల వెసులుబాటు ఉంది కాబట్టి 26 నిమిషాల 57 సెకన్లకు 50 సెకన్లు కలపాలి. 57, 50 కలిపితే 107. కానీ ‘26 నిమిషాల 107 సెకన్లు’ అని ఎవరూ చెప్పరు. 107లోంచి 60 తీసి ఒక నిమిషం చేస్తే మిగిలేవి 47. కాబట్టి గడువు 27 నిమిషాల 47 సెకన్లు. గడియారం ఆ అంకె దాటేసింది. ఫిన్యో ఇంకా గీత చేరలేదు. చేరేసరికి 27 నిమిషాల 55 సెకన్లు. ఎనిమిది సెకన్ల తేడాతో పందెం లెమాండ్‌ది అయిపోయింది. టూర్ ద ఫ్రాన్స్ చరిత్రలో అంత తక్కువ తేడా మరెప్పుడూ లేదు.

ఆ కొద్ది నిమిషాల్లో జనం మనసులో వేసుకున్నది చిన్న కూడికే. కానీ మామూలు కూడికకూ దానికీ ఒక తేడా ఉంది. అది తెలియకపోతే చేతి లెక్కే కాదు, క్యాలిక్యులేటర్ లెక్కా తప్పుతుంది. కొన్నిసార్లు తప్పినట్టు కూడా తెలియదు.

అరవై ఎక్కడిది?

సుమారు నాలుగు వేల ఏళ్ల కిందట, ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో బాబిలోనియా లేఖకులు అరవై ఆధారంగా లెక్కలు రాసేవారు. మనం పది నిండితే పక్క స్థానానికి వెళ్తాం, వాళ్లు అరవై నిండితే వెళ్లేవారు. అరవైలో ఉన్న సౌకర్యం పంపకాల్లో తెలుస్తుంది. 2, 3, 4, 5, 6, 10, 12, 15, 20, 30... వీటిలో దేనితో భాగించినా శేషం మిగలదు. వందను మూడు వాటాలు చేయబోతే భిన్నం వచ్చిపడుతుంది. గంటలో మూడో వంతు మాత్రం సరిగ్గా ఇరవై నిమిషాలు. బాబిలోనియా నుంచి ఈ పద్ధతిని గ్రీకు ఖగోళ శాస్త్రవేత్తలు అందుకున్నారు. కోణాల కొలతల ద్వారా అది చివరికి గడియారం మీదికి చేరింది.

తెలుగువాళ్లకు అరవైల కాలమానం కొత్తేమీ కాదు. పంచాంగంలో రోజుకు అరవై ఘడియలు, ఘడియకు అరవై విఘడియలు. ఘడియ అంటే 24 నిమిషాలు, విఘడియ అంటే 24 సెకన్లు. రెండున్నర ఘడియలైతే గంట. తిథి ఎన్ని ఘడియల దాకా ఉందో, తర్వాతి తిథి ఎప్పుడు మొదలవుతుందో లెక్కగట్టే సిద్ధాంతులు చేసేదీ అరవైల కూడికలు, తీసివేతలే.

ఈ పద్ధతిని వదిలించుకోవాలని ఒక దేశం ప్రయత్నించింది. చిత్రంగా అది ఫ్రాన్సే. విప్లవ ప్రభుత్వం 1793లో రోజును పది గంటలుగా, గంటను వంద నిమిషాలుగా, నిమిషాన్ని వంద సెకన్లుగా విడగొట్టింది. జనానికి అది మింగుడుపడలేదు. 1795లో దాన్ని తప్పనిసరి చేసే నిబంధనను పక్కన పెట్టేశారు. ఆ పద్ధతి నిలబడి ఉంటే రేసు టైమింగులను క్యాలిక్యులేటర్‌లో కొట్టి నిశ్చింతగా కూర్చోవచ్చు. నిలబడలేదు కాబట్టి లెక్క నేర్చుకోక తప్పదు.

కూడిక: అరవై నిండితే పైకి

పందెం టైమింగును మూడు గడులుగా చూడాలి. కుడివైపు సెకన్లు, మధ్యలో నిమిషాలు, ఎడమవైపు గంటలు. సెకన్ల గడిలో 59 దాకానే చోటు. అరవై అయితే అది ఒకటిగా మారి నిమిషాల గడికి వెళ్తుంది. నిమిషాల గడి కూడా అంతే. గంటల గడికి మాత్రం పందేల్లో హద్దు లేదు. 87 గంటలను ఎవరూ మూడు రోజుల పదిహేను గంటలని రాయరు.

ఆఖరి రోజు ఉదయానికి లెమాండ్ మొత్తం సమయం 87 గంటల 11 నిమిషాల 38 సెకన్లు. దానికి ఆ రోజు టైమింగు కలిపితే ఇలా వస్తుంది.

```
   87 : 11 : 38
 +  0 : 26 : 57
 --------------
   87 : 38 : 35
```

కుడి నుంచి మొదలుపెట్టాలి. 38, 57 కలిపితే 95. అందులో 60 ఒక నిమిషమై పైకి వెళ్లింది, 35 మిగిలింది. నిమిషాల్లో 11, 26, పైకి వచ్చిన ఒకటి కలిపి 38. అది అరవై దాటలేదు కాబట్టి గంటల జోలికి వెళ్లనక్కర్లేదు. మొత్తం 87 గంటల 38 నిమిషాల 35 సెకన్లు. ఆ ఏడాది విజేత సమయంగా రికార్డుల్లో ఉన్నది ఇదే.

ఫిన్యో ఉదయానికి 87 గంటల 10 నిమిషాల 48 సెకన్ల మీద ఉన్నాడు. దానికి 27 నిమిషాల 55 సెకన్లు కలపాలి. 48, 55 కలిపితే 103, అంటే ఒక నిమిషం 43 సెకన్లు. నిమిషాల్లో 10, 27, ఒకటి కలిపి 38. మొత్తం 87 గంటల 38 నిమిషాల 43 సెకన్లు. రెండు మొత్తాల్లో గంటలు, నిమిషాలు ఒకటే. 43లోంచి 35 పోతే ఎనిమిది.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. 95 సెకన్లు రాగానే అలవాటు కొద్దీ 5 వేసి 9 పైకి పంపడం, లేదా వంద దాటలేదు కదా అని 95ను అలాగే ఉంచేయడం. రెండోది కంటికి దొరుకుతుంది. సెకన్ల గడిలోగానీ నిమిషాల గడిలోగానీ 60 లేదా అంతకంటే పెద్ద అంకె కనబడితే లెక్క ఇంకా పూర్తికాలేదని అర్థం.

తీసివేత: అప్పు తెస్తే అరవై

కూడిక కంటే తీసివేత దగ్గరే ఎక్కువమంది తడబడతారు. లెమాండ్ లెక్కనే తిరగేసి చూద్దాం. పందెం ముగిశాక అతని మొత్తం సమయం, ఆఖరి రోజు టైమింగు తెలుసు. ఆ ఉదయానికి ఎంత మీద ఉన్నాడో తేల్చాలి.

87:38:35 లోంచి 26:57 తీసేయాలి. సెకన్ల గడిలో 35 ఉంది, తీయాల్సింది 57. చాలదు. కాబట్టి నిమిషాల గడి నుంచి ఒకటి అప్పు తేవాలి. మామూలు తీసివేతలో పదుల స్థానం నుంచి ఒకటి తెస్తే అది పది అవుతుంది. ఇక్కడ తెచ్చేది ఒక నిమిషం, అది సెకన్ల గడిలోకి వచ్చాక అరవై. 35కు 60 కలిస్తే 95. అందులో 57 పోతే 38. నిమిషాల్లో 38 ఇప్పుడు 37 అయింది, అందులో 26 పోతే 11. గంటలు 87 అలాగే ఉన్నాయి. జవాబు 87:11:38. పైన కూడికలో మొదట తీసుకున్న అంకె ఇదే కాబట్టి లెక్క సరిపోయింది.

ఈ పద్ధతి లోపల రెండు రకాల అప్పులు దాగి ఉన్నాయి. సెకన్ల గడిలో రాసేది రెండంకెల సంఖ్య. ఆ గడి లోపల ఒకట్లు పదులకు అప్పుపడితే పది వస్తుంది. పదులు నిమిషాలకు అప్పుపడితే మాత్రం ఆరు వస్తుంది. ఎందుకంటే నిమిషంలో ఉన్నవి ఆరు పదులు. 35లోంచి 57 తీయడాన్ని అంకె అంకెగా చేస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఐదులోంచి ఏడు పోదు. పక్కనున్న మూడులోంచి ఒకటి తెస్తే పదిహేను, ఏడు పోతే ఎనిమిది. పదుల్లో మిగిలింది రెండు, అందులోంచి ఐదు పోదు. నిమిషం నుంచి ఒకటి తెస్తే ఆరు పదులు వచ్చి చేరతాయి. రెండు, ఆరు కలిసి ఎనిమిది, ఐదు పోతే మూడు. జవాబు 38. పది, ఆరు, పది, ఆరు. కుడి నుంచి ఎడమకు అప్పుల వరస ఇలా మారుతూ ఉంటుంది. ఆరు రావాల్సిన చోట కూడా పదే తెచ్చుకోవడం వల్లే చాలా తప్పులు జరుగుతాయి.

పక్కింట్లో సున్నా ఉంటే?

2023 అక్టోబరు 8న చికాగో మారథాన్‌లో కెన్యా కుర్రాడు కెల్విన్ కిప్టుమ్ 42.195 కిలోమీటర్లను 2 గంటల 35 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు సృష్టించాడు. టైమింగు రాస్తే 2:00:35. అతను మొదటి సగం దూరాన్ని 1:00:48లో దాటాడు. రెండో సగానికి ఎంత పట్టింది?

సెకన్లలో 35లోంచి 48 పోదు. నిమిషాల గడి దగ్గరికి వెళ్తే అక్కడ సున్నా. అప్పు ఇవ్వడానికి దాని దగ్గరే ఏమీ లేదు. కాబట్టి ఇంకో గడి ఎడమకు, గంటల దగ్గరికి వెళ్లాలి. అక్కడి రెండు గంటల్లో ఒకటి తెస్తే నిమిషాల గడిలో 60 అవుతుంది. ఇప్పుడు ఆ అరవైలో ఒకటి సెకన్లకు ఇస్తే నిమిషాల్లో 59 మిగులుతుంది, సెకన్లలో 95 అవుతుంది. అంటే 2:00:35ను విలువ మారకుండా 1:59:95గా తిరగరాశాం.

```
    1 : 59 : 95
 -  1 : 00 : 48
 --------------
    0 : 59 : 47
```

95లో 48 పోతే 47. 59లో సున్నా పోతే 59. ఒకటిలో ఒకటి పోతే ఏమీ లేదు. రెండో సగానికి పట్టింది 59 నిమిషాల 47 సెకన్లు. మొదటి సగం కంటే సరిగ్గా 61 సెకన్లు తక్కువ. ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగెత్తాక వేగం పెంచాడన్నమాట. ‘నెగెటివ్ స్ప్లిట్’ అని పరుగువీరులు చెప్పుకునేది దీన్నే.

సున్నా అడ్డొచ్చినప్పుడు చాలామంది 1:60:95 అని రాస్తారు. నిమిషాల గడికి అరవై తెచ్చారు గానీ, అందులోంచి ఒకటి సెకన్లకు ఇచ్చామని మర్చిపోయారు. అలా చేస్తే జవాబు 60 నిమిషాల 47 సెకన్లు వస్తుంది. కిప్టుమ్‌కు ఒక నిమిషం అన్యాయం జరిగినట్టే. లెక్క మొదలుపెట్టే ముందే పై వరసను 1:59:95గా పూర్తిగా తిరగరాసుకుని, ఆ తర్వాతే తీసివేస్తే ఈ చిక్కు రాదు.

క్యాలిక్యులేటర్ ఎక్కడ మోసం చేస్తుంది

ఇదే లెక్కను మామూలు క్యాలిక్యులేటర్‌లో చుక్కలు, గీతలు లేకుండా 20035 లోంచి 10048గా కొడితే 9987 వస్తుంది. 99 నిమిషాల 87 సెకన్లు! రెండు గడుల్లోనూ అరవై దాటిన అంకెలే కాబట్టి తప్పని వెంటనే తెలుస్తుంది. ఇలాంటప్పుడు భయం లేదు.

భయం వేరే చోట ఉంది. మహిళల మారథాన్ రికార్డును 2019లో చికాగోలో కెన్యా పరుగువీరురాలు బ్రిజిడ్ కోస్గే 2:14:04కు తెచ్చింది. 2023లో బెర్లిన్‌లో ఇథియోపియాకు చెందిన టిగిస్ట్ అసెఫా దాన్ని 2:11:53కు దించేసింది. ఎంత తగ్గింది? క్యాలిక్యులేటర్‌లో 21404 లోంచి 21153 తీసేస్తే 251. అంటే 2 నిమిషాల 51 సెకన్లు. చూడ్డానికి ఎక్కడా వంక లేదు. 51 అరవై కంటే తక్కువే. కానీ అది తప్పు.

చేత్తో చేద్దాం. సెకన్లలో 4లోంచి 53 పోదు. నిమిషం అప్పు తెస్తే 64, అందులో 53 పోతే 11. నిమిషాల్లో 14 కాస్తా 13 అయింది, 11 పోతే 2. అసలు జవాబు 2 నిమిషాల 11 సెకన్లు. క్యాలిక్యులేటర్ ఏకంగా 40 సెకన్లు ఎక్కువ చూపించింది.

ఆ నలభై ఎక్కడిదో ఆలోచిస్తే ఒక కిటుకు దొరుకుతుంది. క్యాలిక్యులేటర్‌కు నిమిషాల సంగతి తెలియదు. అది పక్క గడి నుంచి ఒకటి తెచ్చుకుంటే దాన్ని వంద అనుకుంటుంది. మనకు అది అరవై. కాబట్టి అప్పు తెచ్చిన ప్రతి గడిలోనూ 40 అదనంగా చేరుతుంది. ఏ గడిలో అప్పు అవసరమైందో ఆ గడిలోంచి 40 తీసేస్తే సరైన జవాబు వచ్చేస్తుంది. 51లోంచి 40 పోతే 11. కిప్టుమ్ లెక్కలో వచ్చిన 99:87కు రెండు గడుల్లోనూ అప్పు పడింది. 87లో 40 పోతే 47, 99లో 40 పోతే 59. చేత్తో వచ్చిన 59:47 ఇదే.

అయితే తప్పు ఎప్పుడు దాక్కుంటుంది? సెకన్లలో అసలు జవాబు 1 నుంచి 19 దాకా ఉన్నప్పుడు. దానికి నలభై చేరినా 59 దాటదు, కాబట్టి అనుమానం రాదు. అసలు జవాబు 20 లేదా అంతకంటే ఎక్కువైతే అరవై దాటి బయటపడిపోతుంది. అంటే పందెంలో తేడాలు తక్కువగా ఉన్నకొద్దీ, మరింత జాగ్రత్త అవసరమైన చోటే ఈ తప్పు కనబడకుండా పోతుంది.

సరిచూసుకునే దారులు

అప్పుల బెడదే వద్దనుకుంటే కింద నుంచి పైకి లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. కిరాణా కొట్టాయన చిల్లర ఇచ్చేటప్పుడు కొన్న సరుకు ధర నుంచి మొదలుపెట్టి ఇచ్చిన నోటు దాకా లెక్కపెట్టే పద్ధతి ఇదే. అసెఫా 2:11:53 నుంచి ఏడు సెకన్లు కలిపితే 2:12:00. అక్కడి నుంచి కోస్గే 2:14:04కు చేరడానికి ఇంకో రెండు నిమిషాల నాలుగు సెకన్లు. 7, 4 కలిపి 11. జవాబు మళ్లీ 2 నిమిషాల 11 సెకన్లే. ముందు పూర్తి నిమిషానికి చేర్చడమే ఇందులో కీలకం. దగ్గర దగ్గర టైమింగులకు ఇంతకంటే వేగమైన దారి లేదు.

రెండో దారి, అన్నింటినీ సెకన్లుగా మార్చేయడం. గంటకు 3,600, నిమిషానికి 60. కోస్గే టైమింగు 7,200, 840, 4 కలిపి 8,044 సెకన్లు. అసెఫాది 7,200, 660, 53 కలిపి 7,913. తేడా 131 సెకన్లు. దాన్ని అరవైతో భాగిస్తే రెండు, శేషం పదకొండు. ఇది కాస్త పొడుగు దారే. కానీ టైమింగులు చాలా ఉన్నప్పుడు, సగటు కట్టాల్సి వచ్చినప్పుడు నమ్మదగినది ఇదే.

కంప్యూటర్‌లో ఎక్సెల్ షీటు వాడేవాళ్లు మరో రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. అది సమయాన్ని రోజులో భాగంగా దాచుకుంటుంది, అరవైల సంగతి దానికి తెలుసు. కానీ గడిలో `27:55` అని కొడితే దాన్ని 27 నిమిషాల 55 సెకన్లు అనుకోదు, 27 గంటల 55 నిమిషాలు అనుకుంటుంది. నిమిషాలే కావాలంటే ముందు సున్నా గంటలు చేర్చి `0:27:55` అని కొట్టాలి. రెండోది, మొత్తం 24 గంటలు దాటితే మామూలు ఫార్మాట్ రోజులను మింగేసి మిగతాది మాత్రమే చూపిస్తుంది. లెమాండ్ 87:38:35 అక్కడ 15:38:35గా కనబడుతుంది. గడి ఫార్మాట్‌ను `[h]:mm:ss` అని మార్చితే గంటలన్నీ కనబడతాయి. చిన్న సమయంలోంచి పెద్దది తీసివేస్తే చాలాసార్లు గడి నిండా `#####` వస్తుంది. సమయం రుణ సంఖ్య అయితే దాన్ని చూపించడం దానికి చేతకాదు.

సెకను కింద మళ్లీ పదులే

గంట నుంచి సెకను దాకా అరవైల రాజ్యం. సెకను కంటే కిందికి దిగగానే మళ్లీ పదుల పాలన మొదలవుతుంది. ట్రాక్ పోటీల్లో సెకనులో వందో వంతు దాకా కొలుస్తారు. ఒకే టైమింగులో రెండు పద్ధతులు కలిసి ఉంటాయి కాబట్టి అప్పు ఎక్కడి నుంచి తెస్తున్నామో చూసుకోవాలి.

విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2023 జులైలో బ్యాంకాక్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.09 సెకన్లలో ముగించి ఆసియా ఛాంపియన్ అయింది. తర్వాతి నెలలోనే చైనాలోని చెంగ్డులో 12.78 సెకన్లు నమోదు చేసింది. ఇక్కడ తేడా తెలుసుకోవడానికి క్యాలిక్యులేటర్‌ను కళ్లు మూసుకుని నమ్మొచ్చు. 13.09లోంచి 12.78 పోతే 0.31. నిమిషం ఊసే లేదు కాబట్టి అరవై ప్రసక్తి రాదు.

అదే 10,000 మీటర్ల పరుగు చూడండి. సురేంద్ర సింగ్ 2008లో నెలకొల్పిన 28:02.89 జాతీయ రికార్డును 2024 మార్చిలో గుల్వీర్ సింగ్ 27:41.81తో తిరగరాశాడు. ముందు వందో వంతులు: 89లో 81 పోతే 08. అప్పు అక్కర్లేదు. తర్వాత సెకన్లు: 2లోంచి 41 పోదు. నిమిషం నుంచి తెస్తే 62, పోగా 21. నిమిషాలు 27లో 27 పోతే ఏమీ లేదు. మెరుగుదల 21.08 సెకన్లు.

3,000 మీటర్ల స్టీపుల్‌ఛేజ్‌లో అవినాష్ సాబ్లే లెక్క దీనికి తిరగబడి ఉంటుంది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో అతని టైమింగు 8:11.20. రెండేళ్ల తర్వాత పారిస్‌లో 8:09.91. వందో వంతుల్లో 20లోంచి 91 పోదు. సెకన్ల నుంచి ఒకటి తేవాలి. ఈసారి అది వంద. 120లో 91 పోతే 29. సెకన్లలో 11 కాస్తా 10 అయింది, 9 పోతే 1. జవాబు 1.29 సెకన్లు. ఇక్కడ అరవై తెచ్చుకుంటే లెక్క చెడిపోతుంది. చుక్కకు కుడివైపు అప్పు వంద, ఎడమవైపు అప్పు అరవై.

ఒక్కోసారి లెక్క సరిగ్గానే చేసినా ఒక సెకను తేడా వస్తుంది. దానికి కారణం నిబంధనల్లో ఉంది. రోడ్డు మీద జరిగే మారథాన్లలో సెకనులో భిన్నం ఉంటే దాన్ని తర్వాతి పూర్తి సెకనుకు పెంచి రాస్తారు. 2:09:44.32 అయితే రికార్డుల్లోకి ఎక్కేది 2:09:45. దారి మధ్యలో తీసుకున్న టైమింగులను కూడా ఇలాగే పెంచి రాసి, వాటిని కలిపితే మొత్తానికి ఒక సెకను ఎక్కువ రావచ్చు. అలాంటప్పుడు కూడికను తప్పుపట్టక్కర్లేదు.

పాఠకులు ఇప్పుడు ఒక లెక్క సొంతంగా చేసి చూడొచ్చు. 2022 సెప్టెంబరులో బెర్లిన్‌లో ఎలియుడ్ కిప్చోగే 2:01:09తో అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. మొదటి సగాన్ని అతను 59 నిమిషాల 51 సెకన్లలో ముగించాడు. రెండో సగం ఎంత? క్యాలిక్యులేటర్ 1:41:58 అంటుంది. రెండు గడుల్లోనూ అంకెలు అరవై లోపే ఉన్నాయి, పైకి నిక్షేపంలా కనిపిస్తుంది. కానీ గంటలోపు సగం దూరం పరుగెత్తినవాడికి మిగతా సగానికి గంటా నలభై నిమిషాలు పట్టి ఉంటే అది ప్రపంచ రికార్డు అయ్యేది కాదు. రెండు గడుల్లోనూ అప్పు పడింది కాబట్టి రెంటిలోంచీ నలభై తీసేయండి, లేదా చేత్తో అప్పు తెచ్చి చేయండి. 1 గంట 1 నిమిషం 18 సెకన్లు వస్తే మీ లెక్క సరైనదే.